పిల్లల చేతి మీద గుండ్రని దురద మచ్చ: తామరా, ఎగ్జిమానా?

వానాకాలం మొదలైతే హనుమకొండలో చర్మవ్యాధుల ఓపీ ముందు వరుసలో కూర్చున్న తల్లుల్లో సగం మంది పిల్లల చొక్కా చేతులు పైకి మడిచే ఉంచుతారు. లోపలికి రాగానే వారు చెప్పే మొదటి మాట దాదాపు ఒకటే: "సార్, పిల్లకు తామరైంది." ఆ మాటను నేను కాగితం మీద రాసుకుంటాను గాని, దాన్ని రోగనిర్ధారణగా తీసుకోను. మన వైపు చర్మం మీద గుండ్రంగా కనిపించి దురద పెట్టే ప్రతి మచ్చకూ తామర అనే పేరే ఉంది. బూజు జాతి శిలీంధ్రం వల్ల వచ్చేదాన్నీ, ఏ క్రిమీ లేకుండా చర్మం తనంతట తానే వాచి చెమర్చే ఎగ్జిమానూ జనం ఆ ఒక్క మాట కిందే సర్దారు. కొందరు ఇంకా ముందుకు వెళ్లి రెండింటినీ గజ్జి అంటారు. గజ్జి అసలు వేరే జబ్బు, చర్మంలో బొరియలు చేసే చిన్న పురుగు వల్ల వచ్చేది. ఈ వ్యాసంలో తామర అంటే శిలీంధ్రం వల్ల వచ్చేది మాత్రమే, ఎగ్జిమా అంటే ఎగ్జిమా మాత్రమే.

ఈ తేడా పేరుతోనే ఆగిపోతే ఇంత రాయవలసిన పని లేదు. ఒకదానికి వాడే మందు రెండోదానికి హాని చేస్తుంది. ఎగ్జిమాను తగ్గించేది వాపును అణిచే స్టిరాయిడ్ పూతమందు. తామర మీద అదే మందు రాస్తే శిలీంధ్రాన్ని అదుపులో ఉంచుతున్న శరీర రక్షణను అణిచివేస్తుంది కనుక, పైకి ఎరుపు, దురద తగ్గినట్టు కనిపిస్తూ లోపల శిలీంధ్రం హాయిగా పెరుగుతుంది. తామరకు వాడే శిలీంధ్రనాశక మందును ఎగ్జిమా మీద రాస్తే పెద్ద ప్రమాదం ఉండదు గాని, వారాలు గడిచిపోతాయి, ఈలోపు పిల్లవాడు గోకి గోకి పుండు చేసుకుంటాడు.

ముందు తామర గుండ్రంగా ఎందుకు ఉంటుందో చూద్దాం, ఎందుకంటే మిగిలిన గుర్తులన్నీ అందులో నుంచే వస్తాయి. తామర శిలీంధ్రం చర్మపు అన్నిటికన్నా పై పొరలో, చనిపోయిన కణాల్లో ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థాన్ని తిని బతుకుతుంది. అదే పదార్థం వెంట్రుకల్లోనూ గోళ్లలోనూ ఉంటుంది కాబట్టి అక్కడికీ పోగలదు. సాధారణంగా లోతైన పొరల్లోకి దిగదు. ఒక చుక్కలో మొదలై నలుదిక్కులా సమానంగా పాకుతుంది. అది ముందుగా చేరిన మధ్య భాగంలో శరీరం మేలుకొని దాన్ని తరిమేస్తుంది, ఆ చర్మం కొంత మామూలుగా మారుతుంది. అప్పటికి శిలీంధ్రం తాజా కెరటిన్ వెతుక్కుంటూ బయటి అంచుకు చేరి ఉంటుంది. ఎండిన గడ్డికి మధ్యలో నిప్పంటుకుంటే మంట వలయంగా బయటికి పాకి, నడుమ బూడిద మిగిలినట్టే ఇదీ. జబ్బు ఉన్నది అంచులో. మధ్యలో ఉన్నది అది దాటిపోయిన చోటు.

ఎగ్జిమా కథ వేరు. అందులో బయటి నుంచి వచ్చి పాకేది ఏదీ లేదు. చర్మపు పైపొర తేమను నిలుపుకోలేక, గోడ సున్నం రాలినట్టు సన్నగా బీటలు వారుతుంది. సబ్బు, చెమట, దుమ్ము, ఉన్ని బట్ట తగిలినప్పుడల్లా ఆ చోట వాపు వస్తుంది. వాపు వచ్చిన చోటంతా ఒకేసారి వాస్తుంది కనుక మచ్చ మధ్యలోనూ అంచులోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఎగ్జిమాలో నాణెం రకం అని ఒకటుంది, పేరుకు తగ్గట్టే రూపాయి బిళ్ల ఆకారంలో మోచేతి కింద, పిక్కల మీద వస్తుంది. తామర అని అందరూ పొరబడేది దీన్నే. కొత్తగా వచ్చినప్పుడు అది మచ్చంతటా సన్న పొక్కులతో రసి కారి, ఎండి, పసుపు రంగు చెక్కు కడుతుంది. పాతబడితే మచ్చంతా మందంగా, గరుకుగా మారుతుంది. పాతబడిన కొన్ని నాణెపు మచ్చలు మధ్యలో కాస్త తేటపడి తామరలాగే కనిపిస్తాయి, ఆ సంగతి ముందే చెప్పాలి. మధ్య తేటగా ఉందన్న ఒక్క కారణంతో తీర్పు చెప్పేవారు ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

ఇంట్లో చూసేటప్పుడు చాలామంది రంగును బట్టి చూస్తారు, అది మన పిల్లల విషయంలో పనికిరాదు. తామర ఎర్రటి వలయమని పుస్తకాల్లో ఉండే బొమ్మలు తెల్లని చర్మం మీద తీసినవి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఆ ఎరుపు గోధుమ రంగుగానో, వంకాయ రంగుగానో, ఒక్కోసారి చుట్టూ ఉన్న చర్మం కన్నా నల్లగానో కనిపిస్తుంది. ఎగ్జిమా కూడా అదే రంగుల్లో వస్తుంది. అందుకని రంగును పక్కన పెట్టి ఉపరితలాన్ని చూడాలి. పగటి వెలుతురులో పిల్లవాణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, ఫోను టార్చిని మచ్చకు పై నుంచి కాక పక్క నుంచి వాలుగా వేస్తే చర్మపు ఎత్తుపల్లాలు నీడలు వేస్తాయి. తామర అయితే అంచు సన్నని తాడులా కాస్త లేచి కనిపిస్తుంది, పొట్టు ఆ తాడు మీదే ఎక్కువగా ఉంటుంది, అక్కడక్కడ ఆవగింజ కన్నా చిన్న పొక్కులు ఉండవచ్చు. కళ్లు మూసుకొని వేలి కొసను మెల్లగా బయటి నుంచి లోపలికి జరిపితే మామూలు చర్మం తర్వాత ఒక గట్టు తగిలి, దాని లోపల మళ్లీ నున్నగా తగులుతుంది. ఎగ్జిమా అయితే ఆ గట్టు ఉండదు. నునుపు నుంచి గరుకుకు మెల్లగా మారి, ఆ గరుకుదనం అవతలి అంచు దాకా కొనసాగుతుంది. చూసిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అది తామరే అయితే వేలికి అంటిన పొట్టులోనే అంటువ్యాధి ఉంటుంది.

రెండో గుర్తు కాలం. తామర నిలిచి ఉండదు, పాకుతుంది. బాల్‌పెన్నుతో మచ్చ అంచు వెంబడి గీత గీసి, ఫొటో తీసి, నాలుగైదు రోజుల తర్వాత చూస్తే తామర చాలాసార్లు గీత దాటి ఉంటుంది. స్నానంలో గీత చెరిగిపోతుంది కనుక రోజూ పాత గీత మీదనే మళ్లీ దిద్దాలి. కొత్త అంచు మీద గీస్తే పరీక్ష మొత్తం వృథా. నాణెపు ఎగ్జిమా ఒక పరిమాణానికి వచ్చి అక్కడే ఆగుతుంది, వచ్చేవి కొత్త మచ్చలు. అవి తరచుగా రెండు చేతులకూ, రెండు కాళ్లకూ జోడు జోడుగా వస్తాయి. తామర తొలి రోజుల్లో సాధారణంగా ఒక వైపే, ఒకటో రెండో ఉంటుంది.

మూడో గుర్తు చేతి మీద ఉండదు, ఇంట్లో ఉంటుంది. తామర అంటుకునేది కాబట్టి అది ఎవరి దగ్గరో, ఏ జంతువు దగ్గరో మొదలై ఉండాలి. ఎగ్జిమా అంటుకోదు, కానీ దాని వెనుక చిన్నప్పటి నుంచి పొడి చర్మం, మోకాళ్ల వెనుక, మోచేతుల లోపలి మడతల్లో దురద, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములు ఉండటం వంటి పాత కథ ఉంటుంది. మన ప్రాంతంలో రుతువు కూడా కొంత చెబుతుంది. తడిబట్ట, చెమట కలిసే జూలై నుంచి అక్టోబరు దాకా తామర ఎక్కువ. డిసెంబరు, జనవరిలో పొడి చలి గాలి మొదలయ్యాక ఎగ్జిమా ఎక్కువ. ఇది మొగ్గు మాత్రమే, నియమం కాదు.

ఇప్పుడొక పిల్ల సంగతి చెబుతాను. కుటుంబాన్ని గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఆగస్టు చివరలో ఏడేళ్ల పాపను తల్లి తీసుకొచ్చింది. కుడి మోచేతి కింద బయటి వైపు, దాదాపు పిల్ల అరచేయంత మచ్చ. ఆరు వారాల కిందట అది అర్ధరూపాయి బిళ్లంత ఉండేదట. మొదట పసుపు, కొబ్బరినూనె రాశారు. తర్వాత ఎవరో వెల్లుల్లి రుద్దమన్నారు, అదృష్టవశాత్తు పిల్ల ఏడ్చిందని మానేశారు; పచ్చి వెల్లుల్లి పిల్లల చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది, అలా బొబ్బలెక్కిన చేతులను నేను చూశాను. ఆ తర్వాత ఊళ్లోని మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. తల్లి దాన్ని సంచీలో నుంచి తీసి బల్ల మీద పెట్టింది, చివరి దాకా చుట్టి పిండిన ట్యూబు. దాని మీద చిన్న అక్షరాల్లో నాలుగు పేర్లున్నాయి: క్లోబెటాసోల్, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. అంటే ఒక స్టిరాయిడ్, రెండు క్రిమిసంహారకాలు, ఒక శిలీంధ్రనాశకం. రోగం ఏదైనా ఏదో ఒకటి తగలకపోతుందా అన్నట్టు కలిపిన మిశ్రమం. ఇందులో క్లోబెటాసోల్ ఉన్నవాటిలోకెల్లా బలమైన స్టిరాయిడ్ల వర్గానిది. పెద్దవాళ్ల మందపాటి అరికాలి మీద రాయడానికే లెక్క చూసుకొని రాస్తాం.

"రాసినంక నాలుగు దినాలకు మంచిగైతది సార్, బంద్ చేస్తే మళ్ల వస్తది, ముందటి కంటే ఎక్కువొస్తది" అన్నది తల్లి. ఈ ఒక్క వాక్యంలో రోగ చరిత్రంతా ఉంది. ఎగ్జిమా కూడా స్టిరాయిడ్ ఆపితే తిరిగి రావచ్చు, కానీ వచ్చిన చోటే, ఇంచుమించు అదే కొలతతో వస్తుంది. ఆపిన ప్రతిసారీ మునుపటి కన్నా వెడల్పుగా తిరిగి వస్తోందంటే అణిగిన వాపు కింద ఏదో పాకుతూ ఉందన్న మాట.

కానీ చేతిని చూస్తే నేను ఇంతకు ముందు చెప్పిన గుర్తులేవీ సరిగా లేవు. అంచు గట్టులా లేదు, అలికినట్టు చెదిరిపోయి ఉంది. పొట్టు దాదాపు లేదు. మచ్చ లోపల చిన్న చిన్న చీము పొక్కులున్నాయి, వలయం లోపల ఇంకో సగం వలయం కనిపిస్తోంది, మధ్యలో చర్మం పలచబడి సన్నని రక్తనాళాలు తేలుతున్నాయి. స్టిరాయిడ్ రాసిన తామర ఇలాగే వేషం మార్చుకుంటుంది. వాపు అణిగింది కాబట్టి గట్టు పోయింది, పొట్టు పోయింది. మందు ఆపినప్పుడల్లా ఒక కొత్త అల బయలుదేరింది కాబట్టి వలయంలో వలయం ఏర్పడింది. ఒక్క ట్యూబు పుణ్యమా అని, తల్లి వాకిట్లో వేలితో తడిమి కనిపెట్టగలిగే జబ్బు డాక్టరు కూడా తడబడే జబ్బుగా మారింది. 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చట్టం వచ్చిందన్న సంగతి నా బల్ల మీదికి వచ్చే ట్యూబులను చూస్తే తెలియదు.

తల్లిని మూడు ప్రశ్నలు అడిగాను. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా? కుక్కపిల్ల, పిల్లి, దూడ ఉన్నాయా? పిల్ల ఎవరి పక్కన పడుకుంటుంది? జంతువులు లేవు. దూడల నుంచి, పిల్లుల నుంచి వచ్చే తామర రకాలు వేరుగా ఉంటాయి, అవి బాగా వాచి చీము పడతాయి కనుక అడగడం అలవాటు. మిగతా రెండు ప్రశ్నలకు ఆమె కొంచెం ఆగి జవాబు చెప్పింది. పిల్ల తండ్రి ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ, మిరప బస్తాలు, పత్తి బోరాలు మోస్తాడు. నడుము చుట్టూ, తొడల మధ్య రెండు నెలలుగా గోక్కుంటున్నాడు, సిగ్గుపడి చెప్పడు, అదే ట్యూబు ఆయనా రాసుకుంటున్నాడు. పిల్ల ఆయన పక్కనే, ఒకే దుప్పటిలో పడుకుంటుంది. ఇంట్లో తువ్వాల కూడా ఒకటే.

అప్పటికి నాకు దాదాపు తెలిసిపోయింది గాని దాదాపు అన్నది చాలదు. పరీక్ష చేద్దామన్నాను, అయితే ఆ రోజు కాదు. శిలీంధ్రనాశకం రాస్తూ వచ్చిన చర్మాన్ని గీకితే శిలీంధ్రం ఉండి కూడా కనబడకపోవచ్చు. ట్యూబు పూర్తిగా ఆపి, వాసన లేని మాయిశ్చరైజర్ మాత్రం రాసి, పది రోజులకు రమ్మన్నాను. ఈ పది రోజుల్లో మచ్చ ఎర్రబడి దురద రెట్టింపవుతుందని ముందే చెప్పాను. అది చెప్పకపోతే మూడో రోజే మళ్లీ ట్యూబు కొంటారు, తప్పు వాళ్లది కాదు. బలమైన స్టిరాయిడ్ ఆపగానే అణిగిన వాపు ఎదురు తిరగడం మామూలే. రాత్రి నిద్ర పట్టడానికి దురద మందు ఒకటి వయసును, బరువును చూసి రాశాను.

పది రోజుల తర్వాత చూస్తే మచ్చ తన అసలు ముఖం చూపించింది. బయటి అంచు లేచింది, దాని మీద తెల్లని పొట్టు వచ్చింది. ఇక పరీక్ష. దీన్ని కేఓహెచ్ పరీక్ష అంటారు, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో చేసేది, మన బోధనాసుపత్రుల్లోని చర్మవ్యాధుల విభాగాల్లో రోజూ జరిగేదే. అంచును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, పదును లేని బ్లేడు అంచుతో పొట్టును గాజు స్లైడు మీదికి రాల్చాలి. గీకవలసింది అంచునే, మధ్యలో గీకితే శిలీంధ్రం వెళ్లిపోయిన చోట వెతికినట్టు అవుతుంది, శిలీంధ్రం ఉన్నా లేదని పరీక్ష చెప్పే తప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి. రక్తం రాకూడదు, నొప్పి ఉండదు, పిల్లలకు చక్కిలిగింత పెట్టినట్టు ఉంటుంది. ఆ పొట్టు మీద పది శాతం ద్రావణం చుక్క వేసి, పలుచని గాజు పలక మూసి, పది పదిహేను నిమిషాలు ఉంచితే చర్మ కణాలు కరిగి పారదర్శకం అవుతాయి, శిలీంధ్రం మాత్రం కరగదు. సూక్ష్మదర్శినిలో వెలుతురు తగ్గించి చూడాలి. ఎక్కువ వెలుతురులో అంతా తెల్లబారి ఏమీ కనబడదు.

పాప పొట్టులో అవి స్పష్టంగా ఉన్నాయి: సన్నని పచ్చిక వేర్లలా, వెడల్పు మారకుండా, అడ్డంగా గోడలతో, కొమ్మలు చీలుతూ, కణాల సరిహద్దులను లెక్కచేయకుండా దాటిపోయే పోగులు. ఆ చివరి గుణమే ముఖ్యం. కొత్తగా చూసేవారు కణాల మధ్య పేరుకున్న కొవ్వు గీతలను చూసి శిలీంధ్రమని మోసపోతారు, కానీ ఆ గీతలు కణాల అంచుల వెంబడే తిరుగుతాయి. బట్ట నుంచి వచ్చిన దూది పోగు లావుగా, గోడలు లేకుండా మెలికలు తిరిగి ఉంటుంది. పోగులు కనిపిస్తే తామర అన్నది ఖాయం. కనిపించకపోతే తామర కాదని ఖాయం కాదు, అనుమానం బలంగా ఉంటే వారం ఆగి మళ్లీ గీకాలి, లేదా పొట్టులోని శిలీంధ్రాన్ని ల్యాబులో పెంచి చూడటానికి పంపాలి, దానికి నాలుగు వారాల దాకా పట్టవచ్చు. నీలికాంతి దీపం వేసి చూడమని కొందరు అడుగుతారు. పిల్లుల నుంచి వచ్చే రకం వెంట్రుకలకు పట్టినప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది గాని, మన దగ్గర ఎక్కువగా ఉండే ట్రైకోఫైటాన్ రకాలు చేతి మీద మెరవవు. మెరవలేదంటే దాంతో తేలేది ఏమీ లేదు.

మన దేశంలో కొన్నేళ్లుగా వ్యాపిస్తున్న రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఒకప్పుడు రెండు వారాల్లో తగ్గే తామర ఇప్పుడు నెలలు పట్టడానికి అది ఒక కారణం. దానిలో కొన్నింటి మీద టెర్బినఫిన్ మందు సరిగా పనిచేయడం లేదు. అందువల్ల "శిలీంధ్రనాశకం రాసినా తగ్గలేదు కాబట్టి తామర కాదు" అన్న తర్కం ఇప్పుడు నిలవదు.

మందు విషయంలో పాపకు, తండ్రికి ఒకేరోజు చికిత్స మొదలుపెట్టడమే అసలైన పని. ఆయన రావడానికి రెండు వారాలు పట్టింది. మార్కెట్‌కు సెలవున్న రోజు చూసుకొని వచ్చాడు. మచ్చ ఒక్కటే, కొత్తది, స్టిరాయిడ్ తగలనిది అయితే క్లోట్రిమజోల్ వంటి పూతమందు రోజుకు రెండుసార్లు, మచ్చ మీదే కాక అంచు దాటి రెండు సెంటీమీటర్ల మామూలు చర్మం మీద కూడా రాసి, మచ్చ పోయిన తర్వాత మరో రెండు వారాలు కొనసాగిస్తే చాలావరకు తగ్గుతుంది. కంటికి కనిపించే అంచుకన్నా శిలీంధ్రం ముందే నడుస్తుంది కనుక ఆ రెండు సెంటీమీటర్లు. పాపది అప్పటికే ముదిరింది కాబట్టి బరువు లెక్కన కడుపులోకి మందు కూడా ఇచ్చాను, అది డాక్టరు చూడకుండా ఇచ్చేది కాదు. తల వెంట్రుకల్లో పొట్టు, రాలిన చోట్లు ఉన్నాయేమో కూడా చూశాను. తలకు పట్టిన తామర పూతమందుతో తగ్గదు, లోపలి మందు తప్పనిసరి. ఇంట్లో తువ్వాలలు వేరు చేసి, లోదుస్తులు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో తిరగేసి ఆరేయమన్నాను. బడి మానిపించనక్కర లేదు, మందు మొదలైన తర్వాత మచ్చను బట్టతో కప్పి పంపితే చాలు.

దసరా తర్వాత వచ్చినప్పుడు తల్లి ముఖంలో భయం ఉంది, మచ్చ నల్లగా మిగిలిందని. టార్చి పక్క నుంచి వేశాను, వేలితో తడిమాను. గట్టు లేదు, పొట్టు లేదు, దురద లేదు, అంచు గీకితే పోగులు లేవు. మిగిలింది మరక మాత్రమే. మన చర్మం మీద వాపు తగ్గిన చోట నలుపు నెలల తరబడి ఉండిపోతుంది. ఆ నలుపును చూసి మందు కొనసాగించడం, లేదా తెల్లబరిచే క్రీములు రాయడం మరో రకం చిక్కు.

జనవరిలో సంక్రాంతి సెలవులకు ఆమె మళ్లీ వచ్చింది, ఈసారి నాలుగేళ్ల కొడుకుతో. రెండు మోచేతుల కింద రెండేసి, ఎడమ పిక్క మీద ఒకటి, అన్నీ రూపాయి బిళ్లంతవే. "అక్క దానిదే అంటుకున్నదా సార్?" అని అడిగింది. చూస్తే మచ్చంతా ఒకే తీరు గరుకుదనం, ఒకదాని మీద ఎండిన పసుపు చెక్కు, అంచులో గట్టు లేదు. మిగతా కాళ్ల చర్మం కూడా గోరుతో గీస్తే తెల్లని చార పడేంత పొడిగా ఉంది. మోకాళ్ల వెనుక పాత గోకుడు గుర్తులున్నాయి. మేనత్తకు ఉబ్బసం. ఇంట్లో తామర ఉన్న చరిత్ర ఉంది కాబట్టి కంటి తీర్పును నమ్మక రెండు మచ్చల అంచులు గీకి చూశాం, పోగులు లేవు. అది నాణెపు ఎగ్జిమా. స్నానం గోరువెచ్చని నీళ్లతో ఐదు నిమిషాలు, ఒళ్లు తుడిచి తడి పూర్తిగా ఆరకముందే ఒళ్లంతా మాయిశ్చరైజర్, మచ్చల మీద మాత్రం నేను రాసిచ్చిన స్టిరాయిడ్ పూత, అదీ రోజులు లెక్కపెట్టి.

చెక్కు మరీ పెరిగి, తేనె రంగులో రసి కారితే, జ్వరం వస్తే ఆగకుండా రమ్మన్నాను. ఎగ్జిమా మీద సూక్ష్మక్రిములు చేరితే అలా అవుతుంది. ఇంకో మాట కూడా చెప్పాను, అది ప్రతి తల్లికీ చెబుతాను: మచ్చ ఉండి దురద లేకపోతే అది మరింత తొందరగా చూపించుకోవలసిన సంగతి. పాలిపోయిన మచ్చ మీద దూదితో తాకినా పిల్లవాడికి తెలియకపోతే కుష్టు అనుమానం వస్తుంది, దానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితంగా మందు ఉంది. పొట్టు లేకుండా, దురద లేకుండా గట్టి పూసల దండలా ఉండే వలయం మరొకటుంది, అది తామరా కాదు, ఎగ్జిమా కాదు, చాలాసార్లు దానంతటదే పోతుంది.

ఆమె లేచి వెళ్తూ సంచీ తెరిచి చూపించింది. అందులో ట్యూబు లేదు, మడిచిన కాగితం ఒకటి ఉంది. దాని మీద కొడుకు మచ్చలు కనపడిన రోజు, అప్పుడు ఎంత ఉన్నవి, ఇప్పుడు ఎంత ఉన్నవి రాసి ఉంది. "పన్నెండు దినాలైంది సార్, గీత దాటలే. ఏం రాయలే, కొబ్బరినూనె గూడ రాయలే" అన్నది.